నలభై రెండు కోట్ల బేరం

నేనేం ఉద్యోగం చేస్తానో మా హరిబాబు మావకి నాలుగేళ్ళుగా చెబుతూనే ఉన్నాను, ఆయన తలకెక్కలేదు. క్రిప్టో కాయిన్ల ధరలు చూపించే ఒక వెబ్‌సైటుకి విజయనగరంలో మా మేడ మీద గదిలోంచే పనిచేస్తాను. ఆ కాయిన్లు కొనడం అమ్మడం జరిగే ఏదైనా ఎక్స్ఛేంజీ "ఇవాళ మా దగ్గర ఇంత వ్యాపారం జరిగింది" అని లెక్క పంపితే, అది నమ్మదగ్గదో కాదో తేల్చాలి. చిన్నా చితకా ఎక్స్ఛేంజీల నుంచి నా ముందుకొచ్చే లెక్కల్లో సగం అబద్ధాలే. అవి చూసి చూసి నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మా అమ్మ రోజూ ఆ మాటే అంటుంది.

మావ అమ్మకి తమ్ముడు. సాలూరులో లారీ యూనియన్‌కి కార్యదర్శి. మొన్న బుధవారం పొద్దున్న పది గంటలకి బస్సు దిగి, ఒక సంచీడు అనాసపళ్ళతో మేడెక్కి వచ్చాడు. కూర్చోకుండానే ఫోన్ నా మొహం ముందు పెట్టాడు.

"సూడే సైలూ. హైవే కాయిన్. రోజుకి నలభై రెండు కోట్ల బేరం. మీ సైటులో ముందు పేజీలో ఎట్టించాలి నువ్వు."

"ఎవరిదిది మావా?"

"మనదే. యూనియన్‌లో పన్నెండు మందిమి కొన్నాం. రూపాయి ఇరవై పైసలు నడస్తన్నాది. నాను పెద్ద బండి అమ్మేసి పద్దెనిమిది లచ్చలు పెట్టేను."

ఆయనకి ఉన్నవి రెండే బళ్ళు. చిన్నదాని డబ్బులు డీజిలుకే చాలవు. నన్నొక్క మాట అడిగి ఉంటే ఏం పోయేది ఈ మనిషికి? అదే అడిగాను.

"నీకేటి సెప్పీది, ఆడపిల్లవి, కంగారు పడతావు," అన్నాడు. ఒళ్ళు మండింది. బండి అమ్మినవాడికి లేని కంగారు నాకెందుకో?

కంప్యూటర్లో ఆ ఎక్స్ఛేంజీ పేజీ తెరిచాను. నలభై రెండు కోట్లు నిజమే, అంటే రాసుకున్న మాట నిజమే. ఈ ధరకైతే కొంటామని వరస కట్టి కూర్చున్న కొనుగోళ్ళన్నీ కలిపితే ఏడు లక్షలు లేవు. రోజుకి కోట్లలో చేతులు మారే సరుక్కి కొనేవాళ్ళు ఇంతేనా? ముందురోజు బేరాలన్నీ దించి చూశాను. ఆరేసి సెకన్లకి ఒక బేరం. మధ్యాహ్నం ఎంతో తెల్లవారుజామున మూడింటికీ అంతే. మనుషులు కొంటే ఒక వేళ పుంజుకుంటుంది, ఒక వేళ పడుకుంటుంది. ఇది గడియారంలా కొట్టుకుంటోంది. ఇక కాయిన్ల రాకపోకలన్నీ నమోదయ్యే బ్లాక్‌చెయిన్ మీద చూస్తే ఆ ఎక్స్ఛేంజీలోకి కాయిన్లు వచ్చిందీ లేదు, బయటికి పోయిందీ లేదు.

"దొంగ బేరాలు మావా. వాడే అమ్ముకుంటున్నాడు, వాడే కొనుక్కుంటున్నాడు. గిరాకీ ఉందని చూపించడానికి."

"నీ లెక్కలు నాకు తెల్దు. సాచ్చికం సూపించు."

సరే, చూపిస్తానన్నాను. ఆయన ఖాతాలోంచి ఐదొందల కాయిన్లు అమ్మకానికి పెట్టించాను, రూపాయి పంతొమ్మిది పైసలకి. అందరికన్నా ఒక పైసా తక్కువ. అమ్మేవాళ్ళ వరసలో అందరి కంటే ముందు మేమే.

చూస్తూ కూర్చున్నాం. రూపాయి ఇరవైకి ఒక బేరం జరిగింది. ఇంకొకటి. పదిహేను, ఇరవై, ముప్పై బేరాలు జరిగాయి. మావి మాత్రం అలాగే ఉన్నాయి.

"మావా, మీ యూనియన్‌లో లోడు ఎలా ఇస్తారు?"

"సీరియల్ పెకారం."

"ఒకటో నంబరు బండి గేటు దగ్గర ఖాళీగా నిలబడి ఉండగా, ఐదో నంబరుకి లోడు పోతుందా?"

"ఎలా పోతాది? పోయిందంటే అది పుస్తకంలో రాసుకున్న లోడే గానీ..." అని ఆగిపోయాడు. తెర వంక చూశాడు. మరో బేరం రూపాయి ఇరవైకి మా పక్కనుంచే వెళ్ళిపోయింది. ఇరవై ఏళ్ళు ఆ సీరియల్ పుస్తకం రాసిన మనిషికి ఇంక నేనేమీ చెప్పక్కర్లేకపోయింది. కుర్చీలో వెనక్కి వాలిపోయాడు.

అక్కడితో ఆపేసినా బాగుండేది. నేను ఊరుకోలేదు. నిజంగా కొనేవాడు ఎక్కడున్నాడో చూద్దామని, ఆ ఐదొందలూ ఎంత పలికితే అంతకి అమ్మేయమన్నాను. నొక్కాడు. పైన వరసగా కనిపించిన కొనుగోళ్ళు ఒక్కసారిగా మాయమయ్యాయి. రూపాయి ఐదు పైసల దగ్గర అమ్ముడయ్యాయి. రెప్పపాటులో ఆ మాయమైనవన్నీ మళ్ళీ వచ్చి కూర్చున్నాయి.

"ఒకడున్నాడు కదే కొనీవోడు," అన్నాడు మావ, కొంచెం ప్రాణం లేచొచ్చి.

నిమిషం కాలేదు, ఆయన ఫోన్ మోగింది. గున్నమ్మ. మావ బండి నడుపుతూ ఘాట్ రోడ్డులో ప్రమాదంలో చనిపోయిన డ్రైవరు రాముడి భార్య. మాట బయటికే వినిపిస్తోంది.

"బావూ, నాకు కొన్ని పడ్డాయి బావూ. ఐదొందలు. మిగతాయి ఎప్పుడు పడతాయి?"

మావ నన్ను చూసిన చూపు ఇంకా కళ్ళ ముందే ఉంది.

ఫోన్ పెట్టేసి మెల్లగా చెప్పాడు. రాముడి ప్రమాదం డబ్బులు మూడు లక్షలు ఆమెవి. నిన్న సాయంత్రం మావే దగ్గరుండి వాటితో ఆమె చేత కొనుగోలు పెట్టించాడట. ధర కాస్త దిగితే పడేలా, రూపాయి ఐదు పైసలకి. తెర మీద ఆ వరస చూశాను. మూడు లక్షలకి ఐదొందల పాతిక రూపాయలు తక్కువ.

ఆ మొత్తం బజారులో కొనడానికి నిలబడ్డ మనిషి గున్నమ్మ ఒక్కతే. నా పరీక్షకి డబ్బు కట్టింది ఆవిడే.

"మరైతే నాను కొన్నప్పుడు నాకు అమ్మింది ఎవుడే?"

"కాయిన్ తయారుచేసినవాడే మావా. డబ్బులు పెట్టిన మనుషులు మీరే. మిగతాదంతా వాడికి వాడే."

అప్పుడు నేనొక మాట అన్నాను. అనకుండా ఉండాల్సింది. "నువ్విప్పుడు అమ్మితే ఆ మూడు లక్షలైనా నీకొస్తాయి మావా. మిగతావాళ్ళకి తెలిస్తే అదీ ఉండదు." నా మేనమామ కదా, ఆయన ఇల్లు కదా కూలుతోంది. అన్న మరుక్షణం సిగ్గుతో చచ్చిపోయాను.

మావ వేలు అమ్మకం గుర్తు మీదికి వెళ్ళింది. అక్కడే ఉంది. తర్వాత ఆ పేజీ మూసేసి గున్నమ్మకి ఫోన్ చేశాడు.

"గున్నమ్మా, నిన్న పెట్టించింది కేన్సిల్ సెయ్యి. ఇప్పుడే."

"ఏటి బావూ, ఇప్పుడే కదా పడతన్నాయి."

"ఒద్దు. సెప్పినట్టు సెయ్యి."

"మీరందరూ కొనుక్కోవచ్చు, నాను కొనకూడదా? మా ఆయన పోయినప్పుడు ఇంటికొచ్చి ఏడిసి ఏడిసి అన్నం ముట్టనోరు, ఇప్పుడు నాకు నాలుగు రూపాయలు వస్తాయంటే కళ్ళల్లో నిప్పులు పోసుకుంతన్నారా?"

చెప్పు, నీ పద్దెనిమిది లక్షలు పోయాయని చెప్పు అని నేను సైగ చేశాను. వివరంగా చెబుతూ కూర్చుంటే ఆ ఐదు నిమిషాల్లో యూనియన్‌లో ఏ ఒక్కడు అమ్మినా ఆవిడ డబ్బు పోతుందని ఆయనకి నాకంటే ముందే తట్టింది.

"అవునమ్మా, కుళ్ళే అనుకో. ముందు నొక్కు."

ఆవిడ శాపనార్థాలు పెడుతూనే నొక్కింది. నా తెర మీద రూపాయి ఐదు పైసల దగ్గర ఆ వరస పోయింది. "ఆ డబ్బులు ఇవాళే బయటికి తీసీ," అని మావ చెబుతున్నాడు. గున్నమ్మ ఫోన్ ఎప్పుడో పెట్టేసింది.