బుచ్చమ్మ పేరిట డ్రాఫ్టు

తల్లి పేరు మిషను అక్షరాల్లో అచ్చు కావడం ఎల్లేష్ అంతకుముందు ఎన్నడూ చూడలేదు. రేషన్ కార్డు మీద ఉందంటే అది ఎవరో కోడిగీతల్లో రాసింది. ఇదేమో ఇంగ్లీషులో, నల్లగా, కంసాలి తీర్చినట్టు వరుసగా ఉంది. రెండువేల సంవత్సరం జూన్ పదహారో తేదీ, శుక్రవారం సాయంత్రం, షార్జాలోని ఎక్స్‌ఛేంజి కౌంటరు దగ్గర అతను ఆ కాగితం వైపు మెడ సాచి చూస్తూ ఉండిపోయాడు.

"అన్నా, ఒక్కసారి చేతికియ్యవా?"

కౌంటరు వెనక ఉన్న నారాయణది కోరుట్ల దిక్కు. డ్రాఫ్టు మీద పెద్దసార్లు పెట్టిన రెండు సంతకాలను ఊదుతూ నవ్వాడు. "చూడు గని ముట్టకు. సిరా ఇంక ఆరలే. మొదటి డ్రాఫ్టా?"

"మొదటిదే."

"మొకం జూస్తెనే తెలుస్తాంది. లగ్గం పత్రిక చూసినట్టు చూస్తున్నవు."

ఎల్లేష్ సిగ్గుపడ్డాడు. ఒక కంపెనీలో గోడలకు రంగులేసే పనికి వచ్చి నాలుగు నెలలైంది. తిండి తగ్గించుకుని మిగిల్చిన జీతమంతా ఆ కాగితంలోకి వచ్చింది. అది శామీర్‌పేటలో ఉన్న తల్లికి రిజిస్టరు పోస్టులో చేరాలి. చెల్లెలు అశ్రిత దాన్ని మేడ్చల్ బ్యాంకులో తల్లి ఖాతాలో వేయాలి. ఇంటరు పాసైన అశ్రితకు పట్నంలో ఒక నర్సింగ్ స్కూల్లో సీటు వచ్చింది. జూలై ఇరవై ఐదు లోపల ఫీజు కట్టాలి. కట్టకపోతే సీటు వెనక వరుసలో ఉన్నవాళ్లకు పోతుంది.

నారాయణ కవరు మూస్తూ ఒక గోడ క్యాలెండరు కూడా చేతిలో పెట్టాడు. సగం ఏడాది అయిపోయిన క్యాలెండరే అయినా, బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని జూలై కాగితం తిప్పి ఇరవై ఐదో తేదీ చుట్టూ పెన్నుతో సున్నా చుట్టాడు. నాలుగు రోజుల ముందే కట్టేస్తారు, సున్నా దండుగ అనుకున్నాడు. అయినా చుట్టాడు. చుట్టడం బాగుంది.

రూముకు పోయాక మంచం మీద పడుకుని, డ్రాఫ్టు ఇంటికి చేరిననాటి సంబరాన్ని ఊహించుకున్నాడు. అమ్మ ఏ కొత్త వస్తువునూ బొట్టు పెట్టకుండా వాడనివ్వదు. తన పదో తరగతి హాల్‌టికెట్టుకు పెట్టింది. నాయిన కొన్న సెకండ్‌హ్యాండ్ సైకిలు హ్యాండిలుకు పెట్టింది. విమానం ఎక్కేనాడు పాస్‌పోర్టు కోసం పసుపుగిన్నెతో వెంటపడితే, "అమ్మా, గింత మరకున్నా ఎక్కనియ్యరు" అని గుంజుకుని చొక్కాలో దాచుకున్నాడు. పాపం, అప్పుడామె వేలికున్న పసుపును అతని నుదుటికి రాసి ఊరుకుంది. అది తలచుకుని నవ్వుకుంటూ నిద్రపోయాడు. ఆ పాస్‌పోర్టు జాగ్రత్త డ్రాఫ్టుకూ చెప్పాలని మాత్రం తట్టలేదు.

*

శామీర్‌పేటలో కరీంనగర్ రోడ్డు మీద మధుసూదన్ ఎస్‌టీడీ బూత్ ఉంది. ఎల్లేష్ శుక్రవారం శుక్రవారం అక్కడికి ఫోన్ చేసేవాడు. మధుసూదన్ ఎవరినో పంపించి ఇంటివాళ్లను పిలిపించేవాడు. జూలై ఏడున అశ్రిత ఒక్కతే వచ్చింది.

"వచ్చిందా చెల్లే?"

లైనులో గరగర మోత.

"రాలే అన్నా."

"ఇరవై దినాలైంది గదనే! పోస్టాఫీసుల అడిగినవా?"

"అడిగిన. రాలే."

"అమ్మేది?"

"అమ్మకు మోకాళ్లు నొస్తున్నయి. నేనే వచ్చిన. అన్నా, ఇంకోటి పంపరాదా?"

ఇంకోటి పంపడానికి చేతిలో ఏముంది? ఈ నెల జీతం వీసా అప్పుకు పోయింది, తరువాతిది ఆగస్టులో. రూములో ఉన్న పరమేష్‌ను అడిగితే, అతనూ మొన్ననే ఉన్నదంతా పంపేశాడు.

ఎల్లేష్ బూతులోంచి తిన్నగా ఎక్స్‌ఛేంజికి వెళ్లాడు. నారాయణ లెడ్జరు తీసి డ్రాఫ్టు నెంబరు, పోస్టు రసీదు చూపించాడు. తరువాత ఫిర్యాదు కాగితం ముందు పెట్టుకుని పెన్ను మూత తీసి ఆగాడు.

"తమ్మీ, ఇంటోళ్లను మంచిగ అడిగినవా? డ్రాఫ్టు అసలే చేరలేదా, లేకుంటె చేరి బ్యాంకుల చెల్లలేదా? రెండూ వేరు వేరు. దేనికి ఏం జెయ్యాల్నో దానికే జెయ్యాలె."

"చేరలేదన్నా. మా చెల్లె చెప్పింది."

"మల్లొక్కసారి అడిగి రాపో. నేను కూసుంట."

"మా చెల్లె అబద్ధం చెప్పది." ఎల్లేష్‌కు కోపం వచ్చింది. "మీరు పంపినరో లేదో గది చెప్పుండ్రి ముందు."

నారాయణ ఇక అడగలేదు. డ్రాఫ్టు అందలేదని రాసి సంతకం చేయించుకున్నాడు. ఎవరికీ డబ్బు ఇవ్వొద్దని ఇండియా బ్యాంకుకు ఇవాళే ఫ్యాక్స్ వెళుతుందన్నాడు. ఆ డ్రాఫ్టు చెల్లలేదని బ్యాంకు రాతపూర్వకంగా చెప్పాలి. పోస్టువాళ్లూ వెతికి జవాబివ్వాలి. ఆ తరువాతే డూప్లికేటు. పోయిందనుకున్నది రేపు ఇంకెవరి చేతికైనా దొరికితే పూచీ తనదేనని ఎల్లేష్ అప్పుడు ఇంకో కాగితం కూడా రాసివ్వాలి.

"ఎన్ని దినాలు?"

"మూడు వారాలు. నాలుగు గూడా కావచ్చు."

"ఇరవై ఐదు లోపల కావాలన్నా."

"అందరికీ జల్దీనే కావాలె తమ్మీ. బ్యాంకు జవాబు నా చేతుల లేదు."

పద్నాలుగున వెళ్లాడు, జవాబు రాలేదు. ఇరవై ఒకటిన వెళ్లాడు, బ్యాంకు నుంచి ఏదో నెంబరు మళ్లీ అడిగారు. ఆనాడు ఎల్లేష్‌కు ఒళ్లు తెలియలేదు. వరుసలో ఉన్నవాళ్లంతా వినేలా, "మా పైసలు తిని ఏసీల కూసున్నరు! మీ ఇంట్ల ఆడపిల్లలు లేరా?" అని అరిచాడు. నారాయణ తల వంచుకుని, ముందున్న రబ్బరు స్టాంపును తిప్పి తిప్పి చూశాడు. వెళుతుంటే మాత్రం, "నాకిద్దరు బిడ్డలు" అని మెల్లగా అన్నాడు.

జూలై ఇరవై ఐదు మంగళవారం పడింది. ఎల్లేష్ పదో అంతస్తు గోడకు తెల్లరంగు వేస్తున్నాడు. పట్నంలో స్కూలు ఆఫీసు మూసే వేళ ఇక్కడ ఎప్పుడవుతుందో లెక్క కట్టుకున్నాడు. ఆ వేళ దాటేదాకా బ్రష్షు ఆపలేదు.

*

ఇరవై ఎనిమిదిన నారాయణ కౌంటరు పక్క తలుపు తీసి అతన్ని లోపలికి పిలిచి, కుర్చీలో కూర్చోబెట్టాడు. ఎదుట ఒక గులాబీ రంగు కార్డు పెట్టాడు. రిజిస్టరు పోస్టు అందుకున్నవాళ్లు సంతకం పెడితే తిరిగొచ్చే కార్డు.

"ఇయ్యాల పొద్దుగాల వచ్చింది. ఇది ఎవలదో చెప్పు."

జూన్ ఇరవై ఏడు. శామీర్‌పేట పోస్టాఫీసు ముద్ర. కింద గుండ్రంగా, నోటుబుక్కు మీద రాసుకున్నంత శ్రద్ధగా, అశ్రిత అని ఉంది.

ఎల్లేష్ ఆ కార్డును దగ్గరికి లాక్కున్నాడు. మనసు పోకూడని చోట్లకల్లా పోయింది. ఎవరికిచ్చింది? ఎందుకు దాచింది? నారాయణ తన జేబులోని ఫోన్ కార్డు తీసి బల్ల మీద పెట్టాడు.

"అడిగి రా. కోపం జెయ్యకు. ఆడపిల్ల ఊరికెనే దాయది."

శామీర్‌పేటలో ఫోన్ ఎత్తిన మధుసూదన్ అశ్రితను పిలిపించేసరికి పావుగంట పట్టింది.

"చెల్లే, ముట్టిన కార్డు వచ్చింది. నీ సంతకముంది."

మొదట ఏడుపు వినిపించింది. తరువాత మాటలు ఒక్కొక్కటిగా వచ్చాయి.

"అమ్మ దేవుని కాడ పెట్టింది అన్నా. నీ మొదటి కష్టమని. తన పేరు ఏడుందో నన్నే చూపెట్టుమన్నది, చూపెట్టిన. పేరు మీద పసుపు పెట్టింది, కిందికి కుంకుమ పెట్టింది. మస్తు సంబురపడ్డది. నేను బస్సెక్కి మేడ్చల్ ఉరికిన. బ్యాంకుల సారు చూసి, సంతకాలు కలిసిపోయినయి, నెంబరు గూడా కనబడ్తలేదు, గిది తీసుకోం, ఇచ్చినోళ్లకే తిప్పి పంపుండ్రి అన్నడు."

"మరి నాకెందుకు చెప్పలేవే?"

"ఎట్ల చెప్పాలె? నువ్వు అమ్మను అడుగుతవు. తన చెయ్యితోనే నా సీటు పోయిందని తెలిస్తె అమ్మ బతుకుతదా? అమ్మతోని బ్యాంకుల వేసిన, పైసలు జర ఆలస్యమైతయన్న. నీతోని రాలేదన్న. రాలేదంటె ఇంకోటి పంపుతవనుకున్న."

బూతు అద్దం మీద ఎల్లేష్ నుదుటి చెమట అంటుకుంది. దాన్ని అరచేత్తో తుడిచాడు.

"ఇప్పుడేం జేస్తున్నవు?"

"సూరారంల మందుల కంపెనీల ప్యాకింగ్ పని దొరికింది. ఒకటో తారీఖు నుంచి రమ్మన్నరు. డబ్బల మీద చీటీలు అంటించుడు. నర్సమ్మను కాకపోయినా మందుల కాడనే ఉంట తియ్యి." నవ్వబోయింది, చేతకాలేదు.

*

నారాయణ అంతా విన్నాడు. ఫిర్యాదు కాగితం తీసి, దాని మీద అడ్డంగా గీత గీశాడు.

"డ్రాఫ్టు చేతుల ఉన్నదంటె అయిపాయె. పోయిన దాని లెక్క కాదు ఇది. కొరియర్ల పంపుమను. అసలు కాగితం నా చేతికొస్తె దాన్ని రద్దు జేసి, ఆ దినమే కొత్తది ఇస్త."

"ఆ దినమేనా?"

నారాయణ తల ఊపి పెన్ను మూత పెట్టాడు. ఎల్లేష్ మనసులో తేదీలు తమంతట తామే లెక్కకొచ్చాయి. ఏడున నిజం తెలిసుంటే, కొరియరు అయిదు రోజులు. పదమూడుకు కొత్త డ్రాఫ్టు. మళ్లీ కొరియరులో పద్దెనిమిదికి మేడ్చల్. ఇరవై రెండుకు ఖాతాలో పైసలు. ఇంకా మూడు రోజులు మిగిలేవి.

"అన్నా, మొన్న నేను అన్న మాటలు..."

"వదిలెయ్యి తమ్మీ. ముందు ఇంటికి ఫోన్ జెయ్యి. కార్డుల ఇంకో అయిదు నిమిషాలుంటయి."

ఈసారి మధుసూదన్ బూతుకు తల్లి బుచ్చమ్మ కూడా వచ్చింది. మోకాళ్లు పట్టుకుని, కూతురి భుజం ఆసరాతో వచ్చి ఉంటుంది. ఆయాసం వినిపిస్తోంది.

"కొడుకా, మంచిగున్నవా? తింటున్నవా? ఆ పైసల ఆఫీసోళ్లు తప్పు ఒప్పుకున్నరా?"

ఎల్లేష్ గాజుతలుపులోంచి రోడ్డు అవతలికి చూశాడు. నారాయణ వరుసలో తరువాతి మనిషికి రసీదు రాసిస్తున్నాడు.

"ఒప్పుకున్నరమ్మా. వాళ్లదే తప్పు."

"మల్ల నేను పసుపు పెట్టి మొక్కితి గద. అందుకే ఎటూ పోకుంట నిలిచింది."

"అవునమ్మా. చెల్లెకియ్యి."

ఫోన్ చేతులు మారింది. డ్రాఫ్టు ఏ అడ్రసుకు పంపాలో ఒక్కో అక్షరం చెప్పాడు. అశ్రిత తిరిగి చదివి వినిపించింది. అయినా పెట్టేయలేదు. తల్లిని బెంచీ మీద కూర్చోబెట్టి వచ్చినట్టుంది, గొంతు బాగా తగ్గించింది.

"అన్నా, నేను మొదటి దినమే నిజం చెప్తె సీటు దక్కుతుండెనా?"

ఎల్లేష్ జేబులో మడిచి పెట్టుకున్న క్యాలెండరు కాగితం ఉంది. సున్నా చుట్టిన జూలై.

"లేదు చెల్లె. ఎట్ల చెప్పినా నెలే పడుతుండెనట. ఇక్కడి సారును అడిగిన."

"నిజంగనా?"

"నిజంగ."

అవతల ఆమె పెద్దగా ఊపిరి వదిలింది. నెల రోజులుగా బిగబట్టిన ఊపిరి.

"డ్రాఫ్టు మడిచి పంపాల్నా అన్నా? ముట్టుకుంటె పసుపు రాలుతాంది."

"మడవకు. అట్లనే కవర్ల పెట్టు," అన్నాడు ఎల్లేష్. "రాలనియ్యి."