నాలుగో హెచ్చరిక

హలో... వినబడుతోందా అండీ? ఆయ్, నేనేనండీ. అందరూ కులాసాయేనా? చేతిలో పనుంటే చేసుకుంటూనే వినండి, పరవాలేదు. ఇది రెండువేల ఏడు నాటి కథ. మా ఏలూరు దేవకుమారిది, ఆవిడకి పని నేర్పిన ఏసోబు మాస్టారిది.

పవర్‌పేటలో జెరాక్స్ షాపు మీద ఒక గది, అందులో నాలుగు కంప్యూటర్లు. ఉండి అనే ఊరి నుంచి వచ్చిన అబ్బాయిరాజు నడిపే అనువాదాల ఆఫీసు అంతే. చెన్నై కంపెనీ ఒకటి మోటార్లు, పంపులు వాడే విధానం చెప్పే ఇంగ్లీషు పుస్తకాలు పంపుతుంది. వీళ్ళు తెలుగు చేస్తారు. ఒకరు చేసింది మరొకరు పరీక్షించాలి. ఆ పరీక్షకో పద్ధతుంది. మొత్తం పుస్తకం చూడరు. మధ్యలోంచి కొన్ని పేజీలు తీసి, ఇంగ్లీషు పక్కన తెలుగు పెట్టుకుని, దొరికిన ప్రతి తప్పునీ షీట్లో ఎక్కిస్తారు. ఏ రకం తప్పు? అర్థం మారిందా, వాక్యం వదిలేశారా, ఒకే వస్తువుకి చోటుకో పేరు పెట్టారా? తర్వాత ఎంత పెద్ద తప్పు? మైనరుకి ఒక పాయింటు, మేజరుకి అయిదు, క్రిటికలుకి పది. పాయింట్లు పదిహేను దాటితే ఫైలు తప్పినట్టే, అప్పుడే మొత్తం పుస్తకం చూస్తారు. క్రిటికల్ ఒక్కటున్నా చాలు, ఇక కూడిక అక్కర్లేదు.

"నీకు నచ్చని మాట తప్పు కాదమ్మా. తప్పైతేనే తప్పు," అని మొదటిరోజే చెప్పారు ఏసోబు మాస్టారు. తాడేపల్లిగూడెం మిషన్ బడిలో ఆవిడకి పాఠం చెప్పిన మనిషి. రిటైరయ్యాక ఈ పనిలోకొచ్చి, శిష్యురాలిని కూడా లాక్కొచ్చారు. ఆయన ఫైలంటే ఆఫీసులో ధీమా. ఆ ధీమా ఏడాదిగా చెదిరింది.

ఏడాది కిందట కైకలూరు దగ్గర రొయ్యల చెరువు మీద పనిచేసే ఆయన కొడుకు ఆనంద్ పాల్ పోయాడు. నీళ్ళు గిలకొట్టే ఏరేటరు చక్రాలకి నాచు చుట్టుకుని ఆగిపోతే, తీద్దామని నీళ్ళలోకి దిగాడు. చక్రాలు ఆగాయి గానీ కరెంటు ఆగలేదు. అతన్ని సమాధి చేసినప్పుడు దేవకుమారి కూడా అక్కడే ఉంది. కోడలు రమ్య, పసిపిల్ల ఇప్పుడు మాస్టారి దగ్గరే ఉంటున్నారు. పెన్షను మందులకే సరిపోతుంది. ఇంటిని నడిపేది ఈ అనువాదాలే.

అలాంటప్పుడు మొన్న ఆయన ఫైలు ఒకటి తప్పింది. ఇంకోటి తప్పితే పేరు జాబితాలోంచి తీసేస్తామని చెన్నైవాళ్ళు మెయిలు పెట్టారు. ఆ ఇంకోటి ఇప్పుడు దేవకుమారి ముందుంది. అది ఏరేటరు పుస్తకం.

"ఎవరికి ఏ పుస్తకం ఇస్తున్నారో చూసుకోరా రాజుగారూ?" అందావిడ.

అబ్బాయిరాజు తల గోక్కున్నాడు. "నేనొద్దనే అన్నానండీ. ఆయనే తీసుకున్నారు. 'మోటారు మోటారే కదండీ' అన్నారు. ఏం చెయ్యనండీ, మీ మాస్టారు నా మాట వింటారేంటండీ? నన్నే బెంచీ ఎక్కించేలా ఉంటారు."

దేవకుమారి పరీక్ష మొదలుపెట్టింది. నీళ్ళ మీద యంత్రాన్ని నిలిపే భాగాన్ని ఒకచోట 'తేలే డబ్బా' అన్నారు, ఇంకోచోట 'ఫ్లోటు', మరోచోట 'తెప్ప'. పేరు కుదరలేదు, మైనరు, ఒకే రకం కాబట్టి ఒక్కసారే లెక్క. బోల్టు వదులు చేయాల్సిన చోట 'బిగించండి' అని ఉంది. అర్థం మారింది, మేజరు. ఆరు. ఫరవాలేదు, గట్టెక్కుతారు అనుకుంది.

తర్వాత హెచ్చరికల పేజీ. ఇంగ్లీషులో అయిదున్నాయి. తెలుగులో నాలుగే. మూడో దాని కింద నేరుగా అయిదోది ఉంది.

లేని వాక్యాన్ని ఇంగ్లీషులో చదివి చేతులు కీబోర్డు మీంచి తీసేసింది. నీళ్ళలోకి దిగేముందు మెయిన్ స్విచ్ ఆపమని, చక్రం ఆగినంత మాత్రాన కరెంటు ఆగినట్టు కాదని అందులో ఉంది.

మాస్టారు మరిచిపోయింది కాదు. అది రాయడానికి ఆయనకి చెయ్యి ఆడలేదు.

వదిలేసిన వాక్యం, ప్రాణానికి సంబంధించింది. రెండో ఆలోచన అక్కర్లేని క్రిటికల్. ఆవిడకి రమ్య ముఖం గుర్తొచ్చింది, ఒళ్ళో పిల్ల గుర్తొచ్చింది. తెలుగు వాక్యం తనే పొందిగ్గా రాసి ఖాళీలో పెట్టింది. పేజీలోకి వచ్చేసింది కదా, ఇక ఎవరికి నష్టం? రకం దగ్గర 'వదిలివేత' అనీ, తీవ్రత దగ్గర 'మైనరు' అనీ కొట్టింది. మొత్తం ఏడు. పాస్. పద్ధతి ప్రకారం అనువాదం చేసినవాళ్ళు ఆ తప్పులు చూసి, ఒప్పుకుంటారో లేదో రాయాలి. షీటు మాస్టారికి పంపింది.

మర్నాడు తాడేపల్లిగూడెం నుంచి ప్యాసింజరు రైల్లో దిగి ఆయన నేరుగా ఆవిడ బల్ల దగ్గరికి వచ్చారు. కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"బోల్టు సంగతి ఒప్పుకున్నాను. డబ్బా, తెప్ప... అదీ ఒప్పుకున్నాను. మూడోది ఒప్పుకోనమ్మా."

"మాస్టారూ, అది మైనరే కదండీ. నేను సరిచేసేశానండీ."

"అందుకే ఒప్పుకోను. ఇది మైనరా? నేను నీకు అలా చెప్పానా?"

దేవకుమారి తల దించుకుంది. "మీ పేరు తీసేస్తారండీ. రమ్యా, పిల్లా..."

"నాకు తెలీదా?" కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడిచారు. "నువ్వెన్ని పేజీలు చూశావు?"

"నమూనా పేజీలే కదండీ."

"చివర రిపేరు అధ్యాయంలో ఆ వాక్యం మళ్ళీ వస్తుంది. అక్కడా వదిలేశాను. నువ్వు పాస్ చేస్తే మిగతా పేజీలు ఎవడూ తెరవడు. అచ్చుకెళ్ళిపోతుంది. చక్రానికి నాచు చుట్టుకున్నప్పుడు కుర్రాడు తెరిచేది ఆ అధ్యాయమేనమ్మా, మొదటి పేజీ కాదు."

అబ్బాయిరాజు గుమ్మంలో ఆగిపోయాడు. టీ గ్లాసులు చేతిలోనే ఉన్నాయి.

"చూపించండి, నేనే అక్కడా దిద్దేస్తాను. ఎవరికీ తెలీదు," అందావిడ.

"నేను చెప్పిన చోట దిద్దుతావు. నేను మరిచిన చోట? ఆ పుస్తకం ఎలా చేశానో నాకే తెలీదు. ఏడుస్తూ చేశాను. మొత్తం చూడాలి. మొత్తం చూడాలంటే ఫైలు తప్పాలి." ఆయన తెర మీద తీవ్రత గడిని వేలితో చూపించారు. "క్రిటికల్ పెట్టమ్మా. మా వాడికి ఎవడూ చెప్పలేదు."

ఆవిడ మైనరు తీసి క్రిటికల్ కొట్టింది. గడి ఎర్రగా మారింది. పాస్ అన్న చోట ఫెయిల్ అని పడింది. దానెదురుగా మాస్టారు 'ఒప్పుకుంటున్నాను' అని ఒక్కో అక్షరం వెతుక్కుంటూ టైపు చేశారు.

"నీ వాక్యం బాగుంది గానీ, చదువుకున్నోళ్ళ వాక్యం. చెరువు గట్టు మీద వినబడాలి. నేను చెబుతాను, రాయి."

చెప్పడానికి చాలాసేపు పట్టింది. "చక్రం ఆగితే కరెంటు ఆగినట్టు కాదు. మెయిన్ స్విచ్ ఆపి, తర్వాతే నీళ్ళలోకి దిగండి."

దేవకుమారి అలాగే రాసింది. తర్వాత మొత్తం పుస్తకం అక్షరం అక్షరం చూసింది. మాస్టారు చెప్పని ఇంకొక చోట కూడా ఆ వాక్యం లేదు. అక్కడా అవే మాటలు పెట్టింది. చెన్నైవాళ్ళు అన్నంత పనీ చేశారు, మాస్టారి పేరు తీసేశారు. మాస్టారి కుర్చీలో అబ్బాయిరాజు ఎవరినీ కూర్చోనివ్వలేదు గానీ, ఖాళీ కుర్చీ ఎవరి కడుపూ నింపదు కదండీ. రమ్య కైకలూరు ఐసు ఫ్యాక్టరీలో పనికి కుదిరింది. మాస్టారు తాడేపల్లిగూడెంలోనే మనవరాలికి అక్షరాలు దిద్దిస్తూ ఉండిపోయారు. దేవకుమారి ఇంకెవరి ఫైలు చూసినా, తీవ్రత గడి దగ్గర చెయ్యి ఒక్క క్షణం ఆగేది.

అంతేనండీ. మీ ఎరికలో చెరువుల మీద పనిచేసేవాళ్ళు, వాళ్ళ ఇళ్ళవాళ్ళు ఉంటే, ఈ కథ వాళ్ళదాకా చేరవేయండి బాబూ. కథంతా వినకపోయినా ఫరవాలేదు, మాస్టారు చెప్పిన ఆ రెండు వాక్యాలు వినిపించండి చాలు.