ఎర్ర నంబరు

నాకు కోపం వస్తే ఉత్తరం రాస్తాను. కేకలేస్తే గొంతు పోవడం తప్ప పని జరగదని ఇరవై ఏళ్లు లాండ్రీ నడిపి తెలుసుకున్నాను. నీళ్ల ఆఫీసుకి పదకొండు నెలల్లో తొమ్మిది ఉత్తరాలు రాశాను. ప్రతిదాని మీదా కుడివైపు మూలన ఎర్ర ఇంకుతో ఫిర్యాదు నంబరు ఉండేది. నంబరు లేని కాగితం గాలికి పోతుందని మా వదిన చెప్పింది. ఆవిడ తపాలా ఆఫీసులో ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషి, కాగితాల విషయంలో ఆవిడ మాటకు నేను ఎదురు చెప్పను.

మా వీధికి కొత్త తారు వేసినప్పటి నుంచి పొద్దున ఆరు మొదలు తొమ్మిది దాకా మా కుళాయి సన్నటి దారంలా కారేది. నేను బట్టలు నానబెట్టేది సరిగ్గా ఆ వేళకే. ఆఫీసు మనిషి మాత్రం మధ్యాహ్నం పన్నెండింటికి తీరిగ్గా వచ్చేవాడు. మీటరు దగ్గర ప్రెజర్ చూసే గేజి బిగించేవాడు. ముల్లు ఠీవిగా పైకి లేచేది.

"బయట ప్రెజర్ బ్రహ్మాండంగా ఉందమ్మా. లోపం మీ ఇంటి పైపుల్లో ఉంది" అని రాసుకుని, ఫిర్యాదు మూసేసి పోయేవాడు.

ఆ మాట నమ్మి గోడ పగలగొట్టించి పైపులు మార్పించాను. ఏమీ ఒరగలేదు. ఒళ్లు మండి మళ్లీ ఉత్తరం రాశాను. అప్పుడు ఒక సంగతి కనిపెట్టాను. పాత నంబరు వేసి ఉత్తరం పంపితే, మూసిన ఫైలు దానంతటదే మళ్లీ తెరుచుకుంటుంది. ఇక ఆ కిటుకు వదల్లేదు. వాళ్లు మూయడం, నేను తెరిపించడం. ఆఫీసులో నాకు 'ఎర్ర నంబరు పిన్ని' అని పేరు పెట్టారని తర్వాత తెలిసింది.

తొమ్మిదో ఉత్తరానికి ఒక అమ్మాయి వచ్చింది. ఉద్యోగంలో ఇంకా పర్మనెంట్ కాని ఇన్‌స్పెక్టరు. పొద్దున ఆరింటికి, నేను మొహం కూడా కడుక్కోకముందే తలుపు కొట్టింది. గేజి బిగించింది. ముల్లు ఎప్పట్లాగే పైనే ఉంది.

"మీరూ అదే పాట పాడతారు కదా" అన్నాను.

"ఒక్క నిమిషం ఆంటీ. లోపల కుళాయి పూర్తిగా తిప్పండి."

తిప్పాను. ముల్లు కిందికి పడిపోయింది. నా పదకొండు నెలల గోడు ఆ గాజు బిళ్లలో కనబడేసరికి, సిగ్గులేకుండా అక్కడే ఏడ్చేశాను.

"నీళ్లు కదలనప్పుడు ఎంత సన్నటి సందులోంచైనా ప్రెజర్ మెల్లగా వచ్చి నిండుతుంది. అందుకే కుళాయి కట్టేసి చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది. నీళ్లు పారితేనే అసలు రంగు బయటపడుతుంది, పొద్దున అందరూ ఒకేసారి తిప్పితే మరీను. ఈ వీధి వాల్వు ఎక్కడో సగం మూసి ఉండాలి" అంది.

రికార్డులో ఆ వాల్వు పూర్తిగా తెరిచి ఉన్నట్టు రాసుంది. వీధిలో చూస్తే అసలు వాల్వే లేదు. అమ్మాయి పాత మ్యాపు తెచ్చింది. అందులో రెండు గోడల మూలల నుంచి వాల్వుకి ఎంత దూరమో రాసుంది. టేపు ఒక కొస నా చేతికిచ్చి, రెండు దూరాలూ కలిసే చోట సుద్దముక్కతో గీత గీసింది. ఇనుమును పసిగట్టే కర్ర అక్కడ పెడితే కూసింది. తారు తవ్వితే ఇనప మూత కనిపించింది. రోడ్డు వేసినవాళ్లు దాన్ని పైకి తేకుండా పూడ్చేశారు.

మూత తీసి, వాల్వు తిప్పే పొడవాటి తాళంచెవి లోపలికి దింపి, తాను లెక్కపెడుతూ తిప్పింది. పద్నాలుగు చుట్లు తిప్పితే పూర్తిగా తెరుచుకునే వాల్వు అది. ఇంకా పన్నెండు చుట్లు తిరిగింది. ఎవరో ఏదో రిపేరుకి మూసి, రెండు చుట్లు తెరిచి, మిగతాది మరిచిపోయారు.

"ఇవాళ కాసేపు బురద నీళ్లు వస్తాయి. తేటపడేదాకా వదిలేయండి. తెల్లబట్టలు మాత్రం రేపు ఉతకండి" అని చెప్పి వెళ్లింది. నా తెల్లబట్టల గురించి ఆ ఆఫీసులో ఆలోచించిన మొదటి మనిషి ఆ పిల్లే.

ఆ సాయంత్రమే కూర్చుని పదో ఉత్తరం రాశాను. రెండు పేజీలు. గేజి, మ్యాపు, పన్నెండు చుట్లు, అన్నీ. ఇలాంటి మనిషిని వదులుకోవద్దని కూడా రాశాను. పైన, అలవాటు చొప్పున, ఎర్ర ఇంకుతో నంబరు వేశాను.

వారం తర్వాత ఆ అమ్మాయి మళ్లీ గేజి పట్టుకుని వచ్చింది. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"మళ్లీ ఏమైంది ఆంటీ?"

"ఏం కాలేదే. నీళ్లు ధారగా వస్తున్నాయి."

"మరి మీ ఫైలు ఎందుకు తెరుచుకుంది? నెల తిరక్కుండా తెరుచుకుంటే నేను పని సరిగ్గా చేయలేదనే లెక్క. శుక్రవారం పర్మనెంట్ చేసేవాళ్ల లిస్టు వెళ్తుంది. అందులో నా పేరు తీసేశారు."

ఇన్నాళ్లూ నేను గొప్పగా వాడిన కిటుకు పోయి పోయి ఆ పిల్ల మెడకే చుట్టుకుంది. అది గురువారం. షాపు వదినకు అప్పజెప్పి ఆఫీసుకు పరుగెత్తాను.

ఉత్తరాలు తీసుకునే కళ్లజోడాయన నన్ను చూడగానే నిట్టూర్చాడు.

"నా ఉత్తరం చదివారా?" అనడిగాను.

"ఆరో ఉత్తరం దాకా చదివానమ్మా. తర్వాత నంబరు చూసి ఫిర్యాదుగా ఎక్కించేయడమే. మీరు మెచ్చుకుంటారని కలగన్నానా?"

తిడదామనుకున్నాను. కానీ ఆయన చెప్పింది నిజం.

పెద్ద అధికారి గదిలో ఉత్తరం తెప్పించి చదివించాను. ఆయన తల పట్టుకున్నాడు. "ధన్యవాదాలు ఎక్కించడానికి మా దగ్గర గడి లేదమ్మా. కొత్త ఫిర్యాదు, పాత ఫిర్యాదు, అంతే. ఎక్కినదాన్ని నా అంతట నేను కొట్టేయలేను. పొరపాటున ఎక్కించారని ఎవరైనా రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే, అప్పుడు దిద్దొచ్చు."

"ఎవరి మీద ఫిర్యాదు?"

ఆయన గుమ్మం వైపు చూశాడు. అక్కడ నిలబడ్డ కళ్లజోడాయన లోపలికొచ్చి, జేబులోంచి పెన్ను తీసి నా ముందు పెట్టాడు.

"నా మీదే రాయండి. నాకింకో రెండేళ్లే సర్వీసు. ఒక మెమో ఇస్తారు, అంతే కదా. ఆ పిల్లకు ముందు బోలెడు బతుకుంది."

పదకొండు నెలలు ఆ మనిషిని మనసులో ఎన్ని తిట్లు తిట్టుకున్నానో నాకే తెలుసు. ఇప్పుడు పెన్ను పట్టుకోవాలనిపించలేదు. అయినా రాశాను. 'నా ధన్యవాదాల ఉత్తరాన్ని ఫిర్యాదుగా ఎక్కించారు. చదవకపోవడం ఆయన తప్పు. చదవబుద్ధి కాకుండా చేసింది నేను. అక్కర్లేని చోట నంబరు వేసింది కూడా నేనే' అని నాలుగు వాక్యాలు. కళ్లజోడాయన ఈసారి మొత్తం చదివాడు. చదివాకే ముద్ర కొట్టాడు.

మర్నాడు లిస్టులో అమ్మాయి పేరు వెళ్లింది. సాయంత్రం తానే వచ్చి చెప్పింది. చెప్పాక కూడా గుమ్మంలోనే నిలబడింది.

"ఆంటీ, ఆ పదో ఉత్తరంలో ఏం రాశారు?"

"నీకు చూపించలేదా?"

"దానికి చిల్లు పొడిచి ఫైల్లో కట్టేశారు. బయటికి ఇవ్వరట. నా గురించి ఎవరైనా ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి."

లోపల కూర్చోబెట్టి కొత్త కాగితం తీశాను. చెయ్యి దానంతటదే ఎర్ర పెన్ను మీదికి పోయింది. "దాన్ని ముట్టుకోకు" అంది వదిన ఇస్త్రీ బల్ల దగ్గర్నుంచి. నీలం పెన్ను తీసుకున్నాను. కుడివైపు మూల ఖాళీగా వదిలేశాను. పది ఉత్తరాలూ 'అయ్యా' అని మొదలుపెట్టినదాన్ని, ఈసారి ఎదురుగా కూర్చున్న మనిషిని చూస్తూ 'అమ్మాయీ' అని మొదలుపెట్టాను.