ఏడో ప్రశ్న బరువు

రెండో పెళ్ళి చేసుకోవాలనుకునే వాళ్ళు, అందులోనూ పిల్లలున్నవాళ్ళు, అక్క దగ్గరకే వస్తారు. కుట్టుమిషన్ల దుకాణం పైన ఒక్క గది, రెండు కుర్చీలు, కూర్చుంటే కిర్రుమనే సోఫా. చేరినవాళ్ళు గుప్పెడు మంది. అక్క నోరు మంచిది కాబట్టి ఆ మాత్రమైనా నిలిచారు. లెక్కలు మాత్రం చెల్లెలివి. ముప్పై దాటినా ఇంట్లో ఆమె ఇంకా చిన్నదే.

చిన్నది ఇరవై ప్రశ్నలు తయారుచేసింది. ప్రతిదానికీ మనిషి తన జవాబు చెప్పాలి, అవతలివాళ్ళ నుంచి ఏ జవాబు కావాలో చెప్పాలి, అది తనకెంత ముఖ్యమో సున్నా నుంచి ఐదు దాకా బరువు వెయ్యాలి. కోరిన జవాబు వస్తే ఆ బరువంతా మార్కులు, రాకపోతే సున్నా. వచ్చిన మార్కుల్ని మొత్తం బరువుతో భాగిస్తే శాతం. ఆమె వైపు నుంచి ఒక శాతం, అతని వైపు నుంచి ఒకటి, రెండింటికీ సగటు. మొదట్లో ఇంకో ఏర్పాటు కూడా ఉండేది. 'వద్దే వద్దు' అని గుర్తు పెట్టిన ప్రశ్న ఒక్కటి తప్పినా, మిగతావన్నీ కలిసినా సరే, ఆ జంట లెక్కలోకే రాదు.

గొడవంతా దానితోనే వచ్చింది. ఉన్నదే కొద్దిమంది. ఒక్కొక్కరూ మూడు నాలుగు గుర్తులు పెట్టేసరికి సగం మందికి ఒక్క సంబంధమూ తేలలేదు.

"నూరు అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు. నువ్వేమో అందరికీ సున్నాలు చుడుతున్నావు. కాస్త వదులు చెయ్యవే," అంది అక్క.

చిన్నది వదులు చేసింది. 'వద్దే వద్దు'ని తీసేసి, ఆ ప్రశ్నలకి ఐదు బరువేసి మిగతావాటిలో కలిపేసింది. సాయంత్రానికి అందరికీ సంబంధాలే. అక్కాచెల్లెళ్ళిద్దరూ మురిసిపోయారు. ఇంత తేలిగ్గా తేలిన పని మీద అనుమానం రావాలని వాళ్ళకెవరు చెబుతారు?

ఆ నెలలోనే ఒక మధ్యాహ్నం, ఏ జంట ఎందుకు కుదిరిందో ఒక్కో ముక్క రాసిపెట్టమంది అక్క. చిన్నది మొదట తీసింది పైనున్న జంటనే. ఎముకల ఆసుపత్రిలో పనిచేసే ఫిజియో, ఇళ్ళు కట్టే కాంట్రాక్టరు. తొంభై రెండు శాతం. ఆమెకి ఆరేళ్ళ పాప.

అన్నీ కలిశాయి, ఏడోది తప్ప. పిల్లలు మాట వినకపోతే ఏం చేస్తారు? 'నాలుగు తగిలిస్తేనే దారికొస్తారు' అని కాంట్రాక్టరు జవాబు. ఫిజియో ఆ ప్రశ్నకి 'వద్దే వద్దు' పెట్టింది. ఆమె వేసిన మొత్తం బరువు ముప్పై ఎనిమిది. అందులో ఐదు పోతే ఎనభై ఏడు శాతం. అతని వైపు నుంచి తొంభై ఏడు. సగటు తీస్తే తొంభై రెండు.

చిన్నదాని పైప్రాణాలు పైనే పోయాయి. బిడ్డని కొడుతున్నాడనే ఫిజియో మొదటి మొగుణ్ణి వదిలేసింది. ఆ మాట ఈ సోఫాలోనే కూర్చుని చెప్పింది. అప్పుడు మంచినీళ్ళు తెచ్చిచ్చింది తనే.

"అక్కా, ఫిజియో ఎక్కడుంది?"

"అతనింటికి వెళ్ళింది, పాపని తీసుకుని. పాపకి అలవాటు కావాలి కదా. ఏమే, అలా అయిపోయావు?"

చిన్నది ఫిజియోకి ఫోన్ చేసింది. మోగుతోంది, ఎత్తడం లేదు. మళ్ళీ చేసింది. ఎత్తలేదు. స్కూటర్ మీద వెనక కూర్చున్న అక్క "ఏం కాదులే, ఏం కాదులే" అంటూనే ఉంది, ఆమె గోళ్ళు మాత్రం చిన్నదాని భుజంలో దిగాయి. చిన్నదానికి దారిలో ప్రతి ఎర్రదీపమూ తన మీద పగబట్టినట్టే అనిపించింది.

మెట్లెక్కి తలుపు ముందు ఆగారు. లోపల ఏడుపైనా వినిపిస్తే బాగుండునని చిన్నదానికి అనిపించింది. ఏ చప్పుడూ లేదు.

కాంట్రాక్టరే తలుపు తీశాడు. "రండి రండి, కూర్చోండి," అన్నాడు నవ్వుతూ.

నేల మీద పళ్ళరసం తుడిచిన తడి. ఫిజియో గోడవారగా నిలబడి ఉంది, మొహంలో నెత్తురుచుక్క లేదు. పాప కుర్చీలో నిటారుగా, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. జబ్బ మీద నాలుగు వేళ్ళు ఎర్రగా తేలి ఉన్నాయి.

"గ్లాసు పడేసింది," అన్నాడతను మామూలుగా. "ఒక్కటేశాను. ఎంత బుద్ధిగా కూర్చుందో చూడండి."

"పిల్లని కొట్టారా?" అంది అక్క.

అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ముందే రాసిచ్చాను కదండీ. నేనేం దాచలేదే. మీరే కుదిరిందన్నారు."

ఫిజియో పాపనెత్తుకుని బయటికొచ్చింది. మెట్ల మలుపులో ఆమె కాళ్ళు ఆగిపోయాయి. అక్కాచెల్లెళ్ళు వెనకే దిగారు.

"పోయినసారే పాప చెయ్యి మెలిపెట్టాడు," అంది ఫిజియో. "ఒళ్ళంతా చల్లబడిపోయింది నాకు. అప్పుడే వచ్చెయ్యాల్సింది. కానీ మీ లెక్క తొంభై రెండంది కదా. పాత భయం ఇంకా వదల్లేదేమో, తప్పు నాలోనే ఉందేమో అనుకుని మళ్ళీ తీసుకొచ్చాను."

పాప తల్లి మెడ వదల్లేదు, ఏడవనూ లేదు. అక్క అక్కడే మెట్టు మీద కూలబడి, ఫోన్ తీసి, తక్కిన జంటల నంబర్లు వెతకడం మొదలుపెట్టింది.