తెల్ల పాయ ఆగిన చోటు

పత్రికాఫీసు బల్ల మీద రచయితగారి వ్యాసం ముక్కలుగా పరుచుకుంది. తెల్ల కాగితాల్లో నిన్నటి సంగతి: కూతురు ఆయన పుస్తకంలో బొమ్మ గీసింది. పచ్చ కాగితాల్లో చిన్ననాటి సంగతి: ఆయన గీసిన బొమ్మను నాన్న చింపేశాడు, ఆపైన మూడు పేజీల కన్నీళ్ళు. ఈ రెండు పాయల్నీ జడలా అల్లానని ఆయన ధీమా. ప్రతి అతుకు దగ్గరా "అప్పుడు నాకు గుర్తొచ్చింది" అని ఒకటే గోల.

సంపాదకురాలు ఆ వాక్యాలన్నీ కొట్టేసింది. "బొమ్మే రెండింటినీ కలుపుతోంది కదండీ, మళ్ళీ చెప్పడమెందుకు? చివర్లో పాయలు ముడిపడాలి. పచ్చది చింపడం దాకా వెళ్ళింది. తెల్లది గీయడం దగ్గరే ఆగిపోయింది. తర్వాత మీరేం చేశారు?"

ఆయన కళ్ళజోడు తుడుచుకున్నాడు. "అది రాస్తే వ్యాసం పాడైపోతుందమ్మా."

"వ్యాసానికేం కాదు లెండి. పోయేది మీ పరువే."