తాలుకాయకు ఇంగ్లీషు

చెంచయ్య జోకులు వారపత్రికల్లో పేజీ అడుగున మిగిలిపోయిన జాగాలో పడేవి. పొద్దున మిరపతోటకు నీళ్ళు కట్టొచ్చి, మధ్యాహ్నం మంచం మీద బోర్లా పడుకుని రాసేవాడు. ఏ జోకూ నాలుగు వరుసలు దాటేది కాదు. పోయినేడు తోట పూత మీదుండగా భార్య సుబ్బరావమ్మ పోయింది. అప్పట్నించి ఒక్కటీ రాయలేదు. ఏడవనూ లేదు. ఎవరన్నా పలకరిస్తే, "ఆ, బానే ఉంది" అనేవాడు. ఏది బాగుందో ఆయనకూ తెలియదు.

ఆ జోకుల్ని మంగళగిరిలో ఒక ప్రచురణ సంస్థ పుస్తకం వేస్తామంది. ఎడమ పేజీలో తెలుగు, కుడి పేజీలో ఇంగ్లీషు. ఇంగ్లీషు చేసే పని చెంచయ్య అక్క కూతురు మాధురి మీద పడింది. పొన్నూరు కాలేజీలో ఇంగ్లీషు చెబుతుంది. ఆదివారం బస్సెక్కి ప్రత్తిపాడు అవతలున్న ఈ ఊరికొచ్చి, అరుగు మీద కూర్చుని, ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుంది.

"చాలావరకు అయిపోయినయ్ మావయ్యా. నువ్వు ఊఁ అంటే పంపిస్తా. ఇదిగో, బ్యాలెన్సు జోకు. 'ఫోన్లో బ్యాలెన్స్ లేదురా' అంటే తాగొచ్చినవాడు 'నాకూ లేదు' అంటాడే, అది మాట మార్చకుండా అట్టాగే దిగిపోయింది. మాటే ఇంగ్లీషోళ్ళది గదా."

"ఊఁ."

"మందు జోకు మాత్రం సతాయించింది. 'మందు మానేశావా?' అని డాక్టరు అడిగితే, 'మానేశానండీ, మీరు రాసిచ్చింది కూడా' అంటాడు. ఇంగ్లీషులో మందుకీ సారాయికీ ఒక మాట లేదు. అందుకని మందు తీసేసి షాట్స్ అని పెట్టా. షాట్ అంటే సూదిమందూ అవుద్ది, ఒక్క గుక్కలో తాగే సారా గ్లాసూ అవుద్ది."

"నేను రాసింది మాత్రల చీటీ గదే. సూదెక్కడిది?"

"సూది కొత్తదే. చీటీ ఉంచితే నవ్వు పోద్ది, నవ్వు ఉంచితే చీటీ పోద్ది. రెండూ నిలబడవు."

చెంచయ్య తలాడించాడు. అట్లాగే, తమ్ముడు ఆస్తిలో పాలు అడిగితే గేదెను తోలిచ్చిన అన్న జోకులో పాలు పోయి స్టాక్ అనే మాట వచ్చింది. ఆ మాటకు కంపెనీలో వాటా అనీ పశువులనీ రెండర్థాలూ ఉన్నాయట. గేదె బతికింది. దానికీ తలాడించాడు. మాధురి మెచ్చుకోలు కోసం మొహంలోకి చూసింది. అక్కడేమీ కనబడలేదు. ఆయన రాసినవే ఆయనకు ఎవరో పక్కింటాయన రాసినట్టున్నాయి.

"ఇంక చివరిది" అంది మాధురి.

చివరిది చెంచయ్య రాసింది కాదు. సుబ్బరావమ్మ అన్నది. పుస్తకం మాట వచ్చిన రోజే ఆయన చెప్పాడు: నావి ఎన్నన్నా తీసేయండి, అది మాత్రం ఉండాలి. ఆయన నోటి నుంచి ఈ మధ్య అంత పొడుగు మాట రావడం అదే.

'పెళ్ళికొడుకు పేరు తేజ అటగా, ఎట్టున్నాడు?'
'పేరుకే తేజ. చూస్తే తాలు.'

"దీన్ని మూడు రకాలుగా చూశా" అంది మాధురి. "ఉన్నదున్నట్టు చేస్తే, మిరపకాయల సంగతి తెలియనోడికి తేజ అనేది ఉత్త పేరు, తాలు అనేది ఉత్త శబ్దం. అందుకని మార్చా. వాళ్ళల్లో రిచ్ అని మనుషులకు పేరుంది. పెళ్ళికొడుకు పేరు రిచ్. 'ఉన్నోడేనా?' 'పేరులోనే'. శరణ్య గారికి చదివి వినిపిస్తా, ఉండు."

శరణ్య ఆ ప్రచురణ సంస్థలో ఈ పుస్తకం చూసే అమ్మాయి. స్పీకర్లో వినగానే పకపకా నవ్వింది.

"సూపరండీ! మూలం కన్నా బావుంది. పెట్టేద్దాం."

చెంచయ్య ఫోను వైపు వంగాడు. "అమ్మా, ఇందులో మిరపకాయేదీ?"

"మిరపకాయ అక్కర్లేదండి. డబ్బున్న పేరు పెట్టుకున్న లేనోడు. చదివేవాళ్ళకు టక్కున తెలుస్తుంది."

"మా ఆడమనిషి పెళ్ళికొడుకు దగ్గర డబ్బుందా లేదా అని చూళ్ళేదమ్మా. కాయను చూసినట్టు చూసింది."

"పోనీ తేజ, తాలు అలాగే ఉంచి అర్థం చెప్పాలంటే అడుగున గమనిక పెట్టాలండీ. ఈ సిరీస్‌లో గమనికలు పెట్టం. జోకు కింద వివరణ పడితే జోకు పోయినట్టే. రిచ్ వేద్దాం, లేదా ఇది తీసేద్దాం. సాయంత్రానికి చెప్పండి, రేపు పేజీలు కట్టాలి."

ఫోను ఆగింది. మాధురి చున్నీ కొస మడతపెడుతూ కూర్చుంది.

"ఆవిడ చెప్పింది తప్పు కాదు మావయ్యా. నవ్వాలంటే రిచ్చే నయం. వివరించామనుకో, పాఠం అవుద్ది. ఎవడూ నవ్వడు."

"నవ్వకపోతే ఏం?"

"జోకుల పుస్తకం గదా!"

"నేనూ నవ్వట్లేదుగా" అన్నాడు చెంచయ్య. కోపంగా కాదు. కరెంటు లేదు అన్నట్టు అన్నాడు.

మాధురి ల్యాప్‌టాప్ దగ్గరికి లాక్కుంది. "సరే, వివరిస్తే ఎట్టా ఉంటదో చూద్దాం. ఏమీ తెలియనోడికి చెప్పినట్టు చెప్పు" అని వేళ్ళు మీటల మీద పెట్టింది.

"తేజ అంటే కాయ రకం. సన్నం, మంట జాస్తి. మిర్చి యార్డులో దాన్ని ముందు అడుగుతారు. తాలంటే తెగులొచ్చి, ఎండక, రంగు పోయి తెల్లబడ్డ కాయ. కాయ ఆరబోసిన కల్లంలో మంచి కాయ ఒక పక్క, తాలు ఒక పక్క ఏరి పోస్తారు. ఏరేది ఆడవాళ్ళు. ఘాటుకు మూతికి గుడ్డ కట్టుకుంటారు. ఏరేటప్పుడు కల్లంలో ఎవరూ నవ్వించే మాట అనకూడదు."

"ఎందుకు?" మాధురికి తెలుసు. తెలియనివాడి తరఫున అడిగింది.

"నవ్వితే గుడ్డ జారుద్ది. ఘాటు గొంతులోకి పోయి అందరూ దగ్గుతా కూర్చుంటారు. పని పడిపోద్ది. మీ అత్తయ్యే పెట్టిన కట్టుబాటు అది. నేను జోకు ఎత్తితే కాయ పుచ్చుకుని కొట్టేది. ఆ ఏడు నీకు సంబంధం తెచ్చాడే రామాంజనేయులు, కల్లం గట్టున నిలబడి, పిల్లోడు ఎట్టున్నాడు వదినా, చూసొచ్చావుగా అన్నాడు. పేరు తేజ. తల కూడా ఎత్తలేదు మీ అత్తయ్య. చేతిలో ఉన్న కాయ తాలు పక్కకి ఇసిరేసి అనేసింది."

"నాకు తెలీదు, ఆ సంబంధం అట్టా పోయిందని" అంది మాధురి. నవ్వబోయి, ఆపుకుంది.

"అట్టానే పోయింది."

మాధురి టైపు కొట్టడం ఆపి, పైనుంచి చదివింది. జోకు రెండు వరుసలు, వివరణ తెర నిండా. "ఇది కుడి పేజీలో పట్టదు. పట్టినా శరణ్య గారు వేయరు."

"జోకుల్లో వద్దు. ఆమె మాట నిజమే, అక్కడ చెడుద్ది. జోకుని తీసేయమను." చెంచయ్య కండువా భుజం మార్చుకున్నాడు. "అంకితం అని ముందొక పేజీ ఉంటదిగా. ఈ వివరణ అక్కడ వేయమను. తెలుగులోనూ, ఇంగ్లీషులోనూ. అది జోకు కిందా పడదు, గమనికా కాదు."

"అంకితం ఒక వరుసే ఉంటది మావయ్యా."

"అడుగు."

అడిగింది. శరణ్య వెంటనే కాదనలేదు. పెద్దవాళ్ళను కనుక్కుని చెబుతానంది, కాసేపటికి మళ్ళీ ఫోన్ చేసి ఒక పేజీ దాటకుండా చూడమంది. రిచ్ పోయినందుకు నొచ్చుకుంది.

మాధురి ఒక్కో మాటా చూసుకుంటూ కుదించింది. తేజ, తాలు మాటల్ని మార్చకుండా ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టింది. మంటా రంగూ చెప్పింది. గుడ్డ చెప్పింది, నవ్వించకూడదన్న కట్టుబాటు చెప్పింది, అత్తయ్య అన్న మాట చెప్పింది. చివరికొచ్చి, "'అప్పుడు అందరూ నవ్వారు' అని ముగిస్తున్నా. సరేనా?" అంది.

చెంచయ్య తెర వైపు వంగాడు. ఆయన కళ్ళు పొడిగానే ఉన్నాయి.

"నవ్వారని వద్దు" అన్నాడు. "దగ్గారని రాయి. రామాంజనేయులుతో సహా."