అదే తప్పుకు ఒక్క మార్కు

ఆఫీసులో నా పని సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం. ఆదివారాలు ఇక్కడ సింగపూర్‌లో, బిషాన్ పేటలో పదిమంది తెలుగు పిల్లల డిక్టేషన్‌లో తప్పులు పడతాను. ఈ రెండోదే కష్టమని మొన్న తెలిసొచ్చింది.

పరీక్ష పేపరు నేనే తయారుచేశాను. ఈ టర్మ్‌లో నేర్పింది ఏ అక్షరానికి ఆ ఒత్తే వచ్చే మాటలు. అందుకని అక్క, చెట్టు, పువ్వు లాంటివే పది ఏరాను. ఎనిమిది పుస్తకంలోవి, రెండు కొత్తవి. బట్టీ పట్టారో, పద్ధతి పట్టుకున్నారో తెలియాలిగా. చక్రం అని రాసి కొట్టేశాను, ఆ ఒత్తు ఇంకా చెప్పలేదు. తర్వాత పది మాటల డిక్టేషన్: చెట్టు మీద ఎర్ర పువ్వు. పువ్వు మీద తుమ్మెద. అక్క పువ్వు కోసింది. ఒక్కో వాక్యం మూడుసార్లు చదివాను. మాటకొక మార్కు, మొత్తం ఇరవై. పదిహేను వస్తే పై తరగతికి.

స్పందనకు పద్నాలుగు వచ్చాయి. కాగితం మళ్ళీ చూస్తే నాలుగు చోట్లా ‘పువు’ అనే రాసింది. తెలియంది ఒక్క మాట, పోయినవి నాలుగు మార్కులు. అదే తప్పును ఒక్కసారే లెక్కేస్తే పదిహేడు.

పై తరగతి చెప్పే రంగనాథ్ గారిని అడిగాను.

“మార్చండి, అందరివీ అలాగే దిద్దండి. కానీ సత్యవాణి గారూ, లాస్ట్ ఇయర్ కూడా అదే తప్పుకు ప్రతిసారీ మార్కు తీసేశారు కదండీ” అన్నారాయన.

పోయినేడు మా దీక్షిత పదమూడు మార్కులతో ఆగిపోయింది. స్నేహితులంతా పై గదికి వెళ్తే అది ఇక్కడే మళ్ళీ కూర్చుంది. సొంత కూతురికైనా ఒక్క మార్కు కలపలేదని నేను గొప్పగా చెప్పుకున్నాను కూడా.

ఫైల్లోంచి పాత కాగితం తీశాను. మూడు చోట్ల ‘అనం’. ఒక్కసారే తగ్గిస్తే పదిహేను; పదమూడు పక్కన అదీ రాశాను. స్పందనకు మారిస్తే దీక్షితకు అన్యాయం చేశానని ఒప్పుకోవాలి. మార్చకపోతే ఇద్దరికీ చేసినట్టే. పాత మార్కులు దిద్దితే పోయిన ఏడాది తిరిగొస్తుందా?

చివరికి బోర్డు మీద రాశాను: అదే మాటలో అదే తప్పు మళ్ళీ వస్తే ఒక్క మార్కే పోతుంది. పదిమంది కాగితాలూ మళ్ళీ దిద్దాను. స్పందన పాసయింది. ఈసారి పంతొమ్మిది తెచ్చుకున్న దీక్షిత నా పక్కకొచ్చి పాత కాగితం చూసింది.

“అమ్మా, ఇది నాది. ఫిఫ్టీనా? దెన్ ఐ పాస్డ్ లా” అంది సింగపూర్ యాసలో.

“పాసయ్యావు. తప్పు నాది. నీకు చేసిందే స్పందనకీ చెయ్యబోయాను.”

అది బోర్డు వైపు చూసింది. నా చేతిలోని ఎర్ర పెన్ను తీసుకుంది.

“సేమ్ మిస్టేక్ కదా అమ్మా. నీకూ వన్ మార్క్ ఓన్లీ.”

పిల్లలందరి ముందూ నాకు ఏడుపొచ్చేసింది.